కొత్త సిమ్ వేశాక సిగ్నల్ ఫుల్‌గా ఉన్నా నెట్ రావడం లేదా? ఏపీఎన్ సెట్టింగ్స్ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి కదా, మరి నెట్ ఎందుకు రాదు?

గీతలు చెప్పేది ఒక్కటే, టవర్ నుంచి రేడియో సిగ్నల్ మీ ఫోన్‌కి ఎంత బలంగా అందుతోంది అని. అంతకుమించి వాటికి ఏమీ తెలియదు. ఇంటర్నెట్ రావాలంటే ఆ తర్వాత ఇంకో పని జరగాలి. ఫోన్ నెట్‌వర్క్‌ని "ఫలానా పేరున్న గేటు నుంచి నాకు ఇంటర్నెట్ ఇవ్వు" అని అడుగుతుంది. ఈ సిమ్‌కి ఆ గేటు దాటే హక్కు ఉందా, ప్లాన్ ఉందా అని నెట్‌వర్క్ చూసుకుని, ఫోన్‌కి ఒక ఐపీ అడ్రస్ ఇస్తుంది. అప్పుడుగానీ వాట్సాప్ కదలదు, యూట్యూబ్ తెరుచుకోదు.

ఆ గేటు పేరే ఏపీఎన్. పాత సిమ్ ఉన్నన్నాళ్లూ అది ఎక్కడుందో కూడా మనకి తెలియదు, ఎందుకంటే సిమ్ ఏ కంపెనీదో చూసి ఫోన్ తనంతట తానే పేరు ఎంచుకుంటుంది. కొత్త సిమ్ వేసినప్పుడు ఆ ఎంపిక తప్పినా, ఖాళీగా ఉండిపోయినా, ఎవరైనా చేత్తో మార్చి ఉన్నా గీతలు అలాగే నిండుగా కనిపిస్తాయి, నెట్ మాత్రం రాదు.

కాల్స్ బాగానే వెళ్తున్నాయి. 4జీలో కాల్స్ కూడా డేటానే అంటారు కదా, మరి డేటా మాత్రమే ఎలా ఆగుతుంది?

మంచి ప్రశ్న, చాలామంది తికమకపడేది ఇక్కడే. 4జీ నెట్‌వర్క్‌లో కాల్స్ డేటాగానే వెళ్తాయి, కాకపోతే ఇంటర్నెట్ వెళ్లే గేటు నుంచి కాదు. కాల్స్ కోసం `ims` అనే వేరే ఏపీఎన్ ఉంటుంది, దాన్ని ఫోన్ విడిగా కనెక్ట్ చేసుకుంటుంది. అందుకే ఇంటర్నెట్ ఏపీఎన్ పూర్తిగా తప్పుగా ఉన్నా కాల్స్ శుభ్రంగా మాట్లాడుకోవచ్చు. "కాల్స్ వస్తున్నాయి కాబట్టి సిమ్ బాగుంది, నెట్‌వర్కే డల్‌గా ఉంది" అని రోజుల తరబడి ఊరుకునేవాళ్లు ఉన్నారు. అలా ఊరుకోకండి. కాల్స్ వెళ్తూ నెట్ అస్సలు రాకపోతే కారణం తరచుగా మీ ఫోన్‌లోనో మీ ప్లాన్‌లోనో ఉంటుంది, రెండూ మీరే చూసుకోగలిగినవి.

ఏపీఎన్ లిస్టులో `ims` అని కనిపిస్తే దాని జోలికి మాత్రం వెళ్లకండి. దాన్ని చెరిపితే కాల్స్ కూడా పోయే ప్రమాదం ఉంది.

ఏపీఎన్ తెరవకముందు ఏమేం చూడాలి?

ముందు వైఫై ఆఫ్ చేయండి. వైఫై ఆన్‌లో ఉంటే చాలా ఫోన్లలో గీతల పక్కన 4జీ అన్న గుర్తే కనిపించదు, మొబైల్ డేటా పనిచేస్తోందో లేదో మీకు తెలియదు.

తర్వాత రెండు సిమ్‌ల ఫోన్ అయితే డేటా ఏ సిమ్ మీద ఉందో చూడండి. కొత్త సిమ్ వేయగానే ఫోన్ డేటాని దానికి మారుస్తుందన్న గ్యారంటీ లేదు. పాత సిమ్ రెండో స్లాట్‌లో రీచార్జ్ లేకుండా పడి ఉంటుంది, డేటా దాని మీదే ఉంటుంది, కొత్త సిమ్ గీతలు చూసి మనం కంగారుపడుతుంటాం. సెట్టింగ్స్‌లో సిమ్ కార్డుల పేజీకి వెళ్లి `Mobile data` ఎదురుగా కొత్త సిమ్ పేరే ఉందో లేదో చూడండి.

మూడోది ప్లాన్. పోర్ట్ అయి వచ్చిన నంబర్‌కి కొత్త కంపెనీలో మొదటి రీచార్జ్ పడకపోతే గీతలు వస్తాయి, డేటా రాదు. షాపులో డబ్బు కట్టాం అనుకున్నా అది నిజంగా పడిందో లేదో ఆ కంపెనీ యాప్‌లో చూసుకోండి, ఇంట్లో ఎవరి వైఫై అయినా వాడి. రోజువారీ కోటా అయిపోయినా ఇదే కథ. చాలా ప్లాన్లలో కోటా దాటాక స్పీడ్ 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది, ఆ స్పీడ్‌లో నెట్ లేనట్టే ఉంటుంది. కొత్త సిమ్ వేసిన రోజే ఫోన్ యాప్‌లన్నీ అప్‌డేట్ చేసేసి కోటా మింగేయడం మామూలే.

నాలుగోది చాలామందికి తెలియదు. డేటా సర్వీసుని ఆన్, ఆఫ్ చేసుకోవడానికి ట్రాయ్ నిబంధన ప్రకారం 1925 అనే నంబర్ ఉంది. ప్లాన్ ఉండి కూడా నెంబర్ మీద డేటా సర్వీసే ఆఫ్‌లో ఉంటే మీరు ఏపీఎన్ ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు. కొత్త సిమ్ నుంచి 1925కి ఇలా మెసేజ్ పెట్టండి, లేదా అదే నంబర్‌కి ఫోన్ చేయండి:

```
START
```

ఇంకో మాట. సిమ్ పోయి అదే నంబర్‌తో డూప్లికేట్ తీసుకుంటే మోసాలు జరగకుండా 24 గంటల పాటు మెసేజ్‌లు ఆపుతారు. అది నిబంధన, సిమ్ పాడైనట్టు కాదు. ఆ రోజంతా ఓటీపీలు రావు, 1925కి మెసేజ్ కూడా వెళ్లదు కాబట్టి కాల్ చేయండి.

గీతల పక్కన కనిపించే గుర్తుల్ని బట్టి ఏదైనా తెలుస్తుందా?

తెలుస్తుంది, చాలా తెలుస్తుంది. వైఫై ఆఫ్ చేసి, మొబైల్ డేటా ఆన్ చేసి ఒక నిమిషం ఆగి చూడండి.

గీతలు ఉండి వాటి పక్కన 4G, 5G, H+ లాంటివేవీ లేకపోతే ఫోన్‌కి ఇంటర్నెట్ కనెక్షన్ అసలు కుదరలేదని అర్థం. ఏపీఎన్‌ని అనుమానించాల్సింది సరిగ్గా ఇప్పుడే. 4G అని ఉండి పక్కన ఆశ్చర్యార్థకం గుర్తు ఉంటే కనెక్షన్ కుదిరింది కానీ అవతల ఇంటర్నెట్ అందడం లేదు, అప్పుడు ప్లాన్‌నీ, సైట్ పేర్లని వెతికిపెట్టే డీఎన్ఎస్‌నీ, వీపీఎన్‌నీ చూడాలి. E అని ఉంటే మీరు 2జీలో ఉన్నారు. నెట్ ఉన్నట్టే లెక్క, కానీ ఫొటో ఒక్కటి కూడా తెరుచుకోదు.

దీనికన్నా నమ్మకమైన పరీక్ష ఇంకోటి ఉంది. `About phone` లోకి వెళ్లి, కొన్ని ఫోన్లలో అందులోనే ఉండే `Status` లోకి వెళ్లి `IP address` చూడండి. వైఫై ఆఫ్‌లో ఉండగా అక్కడ అడ్రస్ ఏమీ లేకపోతే, లేదా `Unavailable` అని ఉంటే, గేటు దగ్గరే ఆగిపోయారు. fe80 తో మొదలయ్యే అడ్రస్ ఒక్కటే ఉన్నా లేనట్టే, అది ఫోన్ తనకి తాను పెట్టుకునేది. దానికి భిన్నంగా వేరే అడ్రస్ ఏదైనా కనిపిస్తే గేటు దాటారు, ఇక ఏపీఎన్‌ని వదిలేసి వేరే చోట వెతకండి. ఈ ఒక్క పరీక్ష చేస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

ఏపీఎన్ పేజీ ఎక్కడుంటుంది?

ఒక్కో కంపెనీ ఫోన్‌లో ఒక్కో చోట. శాంసంగ్‌లో `Connections`, అందులో `Mobile networks`, అందులో `Access Point Names`. పిక్సెల్, మోటరోలా ఫోన్లలో `Network & internet`, `SIMs`, అక్కడ మీ సిమ్ పేరు నొక్కి కిందికి దిగితే దొరుకుతుంది. షావోమీ, రియల్‌మీ, వివో ఫోన్లలో సిమ్ లేదా మొబైల్ నెట్‌వర్క్ అన్న పేజీలో ముందు సిమ్‌ని ఎంచుకోవాలి, ఆ లోపల ఉంటుంది. వెతకడం విసుగనిపిస్తే సెట్టింగ్స్ పైన ఉండే సెర్చ్‌లో Access Point అని కొట్టండి.

రెండు సిమ్‌లు ఉంటే ఏపీఎన్ లిస్టులు కూడా రెండు. కొత్త సిమ్ లిస్టే తెరిచారో లేదో పైనున్న పేరు చూసి నిర్ధారించుకోండి. సిమ్ 1 లిస్టులో గంటసేపు కుస్తీపడి, కొత్త సిమ్ రెండో స్లాట్‌లో ఉందని చివర్లో గమనించడం సర్వసాధారణం.

మా ఆపరేటర్‌కి ఏపీఎన్ దగ్గర ఏం రాయాలి?

జియోకి:

```
jionet
```

ఎయిర్‌టెల్‌కి:

```
airtelgprs.com
```

వీఐకి:

```
www
```

బీఎస్ఎన్ఎల్‌కి:

```
bsnlnet
```

అన్నీ చిన్న అక్షరాల్లోనే, మధ్యలో గానీ చివర గానీ ఖాళీ లేకుండా రాయండి. ఈ చివరి ఖాళీ కొంపముంచుతుంది. కీబోర్డ్ సూచించిన పదాన్ని నొక్కితే పదం తర్వాత ఒక స్పేస్ దానంతటదే పడుతుంది, అది కంటికి కనిపించదు. పేరు సరిగ్గానే ఉందనిపిస్తుంది, నెట్‌వర్క్‌కి మాత్రం అది వేరే పేరు. కాబట్టి రాశాక పదం చివర వేలు పెట్టి కర్సర్ ఎక్కడ ఆగుతోందో చూడండి. ఒక అక్షరం దూరంలో ఆగితే వెనక్కి ఒకటి చెరపండి.

కొత్తగా రాసే ముందు లిస్టులో ఆపరేటర్ ఏపీఎన్ ఇప్పటికే ఉందేమో చూడండి. చాలాసార్లు ఉంటుంది, కానీ పక్కనున్న గుండ్రటి గుర్తు ఎంచుకోబడి ఉండదు, లేదంటే ఫొటో మెసేజ్‌ల కోసం పెట్టిన ఇంకో ఏపీఎన్ మీద ఉంటుంది. ఆ గుండ్రం నొక్కి, ఏరోప్లేన్ మోడ్ ఒక పది పదిహేను సెకన్లు ఆన్ చేసి తీసేస్తే పని అయిపోతుంది. ఏరోప్లేన్ మోడ్ ఎందుకంటే, ఫోన్ నెట్‌వర్క్‌కి మళ్లీ మొదటి నుంచి పరిచయమై కొత్త ఏపీఎన్‌తో అడగాలి.

ఆ పేజీలో ఇంకా బోలెడు గళ్లు ఉన్నాయి. ప్రాక్సీ, పోర్ట్, సర్వర్... అవన్నీ నింపాలా?

వద్దు. పైన `Name` అన్నది మీ గుర్తు కోసం, ఏం రాసినా ఫర్వాలేదు. `APN` దగ్గర అసలు పేరు. `Proxy`, `Port`, `Username`, `Password`, `Server` ఖాళీగానే ఉండాలి, మన దేశంలో మామూలు ప్రీపెయిడ్, పోస్ట్‌పెయిడ్ సిమ్‌లకి అవి అక్కర్లేదు. ప్రాక్సీ గడిలో పాతకాలం నంబర్ ఏదైనా మిగిలి ఉంటే చెరిపేయండి, ఎందుకంటే ఏపీఎన్ సరిగ్గా ఉన్నా ఆ పాత ప్రాక్సీ ఇప్పుడు పనిచేయకపోతే పేజీలు తెరుచుకోవు.

నిజంగా పట్టించుకోవాల్సినవి మూడు. మొదటిది `APN type`. ఇందులో `default` అన్న మాట లేకపోతే ఫోన్ ఆ ఏపీఎన్‌ని ఇంటర్నెట్ కోసం వాడదు, పేరు ఎంత కరెక్ట్‌గా ఉన్నా సరే. ఇలా ఉంచండి:

```
default,supl
```

రెండోది `APN protocol`. దాన్ని `IPv4/IPv6` మీద పెట్టండి. ముఖ్యంగా జియోలో కొత్త రకం అడ్రస్‌లైన ఐపీవీ6 వాడకం ఎక్కువ, కాబట్టి ఒట్టి `IPv4` మీద వదిలేయకండి. మూడోది `Bearer`, దాని గురించి కింద విడిగా చెప్తాను, అది చేసే గొడవ అంతా ఇంతా కాదు.

`MCC`, `MNC` అని రెండు గళ్లలో అంకెలు ముందే ఉంటాయి. వాటిని అస్సలు ముట్టుకోకండి.

అన్నీ నింపి సేవ్ చేశాను, లిస్టులో చూస్తే నా ఏపీఎన్ మాయమైంది. ఎందుకు?

రెండు కారణాలు. చాలా ఫోన్లలో వెనక్కి వస్తే సేవ్ అవ్వదు, పైన కుడివైపు మూడు చుక్కలు నొక్కి `Save` ఎంచుకోవాలి. ఇది మొదటిది.

రెండోది పైన చెప్పిన ఆ అంకెలే. ఆండ్రాయిడ్ ఫోన్ సిమ్ లోపలి నంబర్ చూసి, ఆ నంబర్‌కి సరిపోయే ఏపీఎన్‌లనే లిస్టులో చూపిస్తుంది. ఇండియా నంబర్లు 404 లేదా 405 తో మొదలవుతాయి, ఆ తర్వాతి అంకెలు ఆపరేటర్‌నీ సర్కిల్‌నీ బట్టి ఉంటాయి. ఏదో వీడియోలో చూసి, అందులో వేరే రాష్ట్రం వాళ్ల సిమ్‌కి ఉన్న `MNC` మీరు రాసేస్తే, ఆ ఏపీఎన్ సేవ్ అవుతుంది కానీ మీ సిమ్‌ది కాదని ఫోన్ దాచేస్తుంది. చిరాకొచ్చి మళ్లీ మళ్లీ రాస్తుంటాం. మూడు చుక్కల్లోనే `Reset to default` ఉంటుంది, అది నొక్కి శుభ్రంగా మొదలుపెట్టండి.

బజార్లో నెట్ వస్తుంది, ఇంట్లో గీతలు ఫుల్‌గా ఉన్నా రాదు. ఇది ఏపీఎన్ సమస్య అవుతుందా?

అవుతుంది, దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి. తణుకు దగ్గర పల్లెటూళ్లో ఉండే మా పిన్ని నంబర్ పోర్ట్ చేయించుకుంది. షాపులో కుర్రాడు సిమ్ వేసి, నెట్ చూపించి పంపాడు. ఇంటికొచ్చాక గీతలు నాలుగు, కాల్స్ బ్రహ్మాండం, వాట్సాప్ మాత్రం తిరుగుతూనే ఉంది. మర్నాడు బజారుకి వెళ్తే బాగానే వచ్చింది, ఇంటికొస్తే మళ్లీ సున్నా. నాకు ఫోన్ చేసి,

"ఒరేయ్, మా ఇంటి దగ్గర టవర్ బాలేదంట్రా, షాపులో అబ్బాయి చెప్పాడు" అంది.

"గీతలు ఎన్ని కనిపిస్తున్నాయి పిన్నీ?"

"నాలుగూ ఉన్నాయి."

"పక్కన ఏదైనా అక్షరం ఉందా, 4G అనో H అనో?"

"ఏమీ లేదు, ఉత్త గీతలే."

సిగ్నల్ బాగా లేకపోతే నాలుగు గీతలు ఉండవు. పక్కన అక్షరం లేదంటే ఇంటర్నెట్ కనెక్షనే కుదరడం లేదు. వీడియో కాల్ కుదరదు కాబట్టి పక్కింటి వైఫైకి కలిపించి, ఏపీఎన్ పేజీ తెరిపించి స్క్రీన్‌షాట్ తెప్పించుకున్నాను. లిస్టులో ఆపరేటర్ ఏపీఎన్ ఒకటి ఉంది, దాని కింద షాపు కుర్రాడు తయారుచేసిన ఇంకోటి ఉంది, గుండ్రం దాని మీదే ఉంది. తెరిచి చూస్తే పేరు సరిగ్గానే ఉంది, ప్రోటోకాల్ సరిగ్గానే ఉంది, సర్వర్ గడిలో గూగుల్ అడ్రస్ ఉంది, `Bearer` దగ్గర `LTE` అని ఒక్కదానికే టిక్ ఉంది.

కారణం ఆ టిక్కే. `Bearer` అంటే ఈ ఏపీఎన్‌ని ఏ రకం నెట్‌వర్క్ మీద వాడాలి అని. `LTE` ఒక్కటే పెడితే ఫోన్ 4జీలో ఉన్నప్పుడే దాన్ని వాడుతుంది. బజార్లో ఆ ఆపరేటర్‌కి 4జీ ఉంది, నెట్ వచ్చింది. పిన్ని వాళ్ల ఊళ్లో అప్పటికి వాళ్లది 3జీయే, సిగ్నల్ బలంగానే ఉంది, కానీ ఎంచుకుని ఉన్న ఏపీఎన్ 3జీలో పనికిరాదు. గీతలు నిండుగా, నెట్ శూన్యం.

"పిన్నీ, పైనున్న పాత దాని పక్క గుండ్రం నొక్కు, తర్వాత విమానం బొమ్మ ఒకసారి వేసి తీసేయ్" అన్నాను. పక్కన H వచ్చింది, మెసేజ్‌లన్నీ టపటపా పడ్డాయి. స్పీడ్ 3జీ స్పీడే, కానీ నెట్ ఉంది.

మీ ఫోన్‌లో కూడా చోటుని బట్టి నెట్ వస్తూ పోతూ ఉండి, గీతలు మాత్రం ఎక్కడా తగ్గకపోతే ముందు `Bearer` చూడండి. `Unspecified` మీద వదిలేయడమే మంచిది.

"ఫాస్ట్ ఏపీఎన్" అని వీడియోల్లో చెప్పేవి పెట్టుకుంటే స్పీడ్ పెరుగుతుందా?

పెరగదు. సర్వర్ గడిలో గూగుల్ అడ్రస్ రాయమంటారు, ఆథెంటికేషన్ మార్చమంటారు, `Bearer` లో `LTE` పెట్టమంటారు. మీ స్పీడ్‌ని నిర్ణయించేది టవర్ మీద ఎంతమంది ఉన్నారు, మీకు ఏ బ్యాండ్ అందుతోంది, మీ ప్లాన్ ఏంటి అన్నవి. ఏపీఎన్ పేజీలో వీటిలో ఒక్కదాన్ని కూడా మార్చే గడి లేదు. అది పెట్టాక స్పీడ్ పెరిగినట్టనిపించడానికి కారణం, సేవ్ చేసినప్పుడు ఫోన్ నెట్‌వర్క్‌కి మళ్లీ కొత్తగా కనెక్ట్ అవడం. ఏరోప్లేన్ మోడ్ వేసి తీసినా అదే జరుగుతుంది. ఇలాంటివి ఎప్పుడో పెట్టి మర్చిపోయుంటే తీసేయండి.

మా ఫ్రెండ్ ఫోన్‌లో ఏపీఎన్ తప్పుగా ఉంది, అయినా నెట్ వస్తోంది. అదెలా?

కొన్ని 4జీ నెట్‌వర్క్‌లు ఫోన్ తప్పు పేరు అడిగినా, ఈ సిమ్‌కి మామూలుగా ఇచ్చే ఏపీఎన్ ఏదో చూసి దానికే కలిపేస్తాయి. అన్ని చోట్లా, అన్ని సిమ్‌లకీ అలా చేస్తాయని లేదు. కాబట్టి ఫ్రెండ్ సెట్టింగ్స్ స్క్రీన్‌షాట్ తెచ్చుకుని కాపీ కొట్టకండి, అతనికి పనిచేస్తున్నది ఆ సెట్టింగ్స్ వల్ల కాకపోవచ్చు.

ఏపీఎన్ అంతా సరిగ్గానే ఉంది, ఐపీ అడ్రస్ కూడా వచ్చింది, అయినా ఏదీ తెరుచుకోవడం లేదు.

అంటే గేటు దాటారు. ఇప్పుడు `Private DNS` చూడండి, సెట్టింగ్స్ సెర్చ్‌లో అదే పేరు కొడితే వస్తుంది. యాడ్స్ రాకుండా ఉండటానికి ఎప్పుడో అక్కడ ఒక అడ్రస్ పెట్టి ఉంటారు, కొత్త నెట్‌వర్క్‌లో అది అందకపోతే ఫోన్‌కి ఏ సైటూ దొరకదు. `Automatic` మీద పెట్టండి. వీపీఎన్ యాప్ ఉంటే ఆపండి. `Data saver`, ఒక్కో యాప్‌కి మొబైల్ డేటా ఆపే సెట్టింగ్ కూడా చూడండి, ఒక్క యాప్ తప్ప మిగతావన్నీ పనిచేస్తుంటే కారణం అదే.

గీతలు ఉన్నాయి, E తప్ప ఇంకేం రావడం లేదు.

ఇది ఏపీఎన్ కాదు. మొదట `Preferred network type` చూడండి, ఎవరైనా 2జీ మీద పెట్టి ఉంటే 4జీ ఉన్న మోడ్‌కి మార్చండి. అది సరిగ్గా ఉంటే స్లాట్ మార్చండి. పాత డ్యూయల్ సిమ్ ఫోన్లలో రెండో స్లాట్ 2జీకే పరిమితం, అందులో వేసిన సిమ్‌కి గీతలు నిండుగా వస్తాయి, నెట్ మాత్రం E తోనే ఆగిపోతుంది.

బీఎస్ఎన్ఎల్‌లో ఇంకో సంగతి ఉంది. ఏళ్ల క్రితం తీసుకున్న పాత సిమ్ 4జీకి పనికిరాదు, 4జీ సిమ్‌కి మార్చుకోవాలి. వాళ్ల 4జీ ఎక్కువగా 700 మెగాహెర్ట్జ్‌లో, అంటే బ్యాండ్ 28లో, ఇంకా 2100లో, అంటే బ్యాండ్ 1లో నడుస్తుంది. మీ ఫోన్‌లో బ్యాండ్ 28 లేకపోతే పక్కవాళ్ల ఫోన్‌లో 4జీ వచ్చిన చోట కూడా మీకు E యే కనిపించవచ్చు. మీ మోడల్ నంబర్‌తో బ్యాండ్ల జాబితా వెతికి చూసుకోండి. బ్యాండ్ లేకపోతే దానికి సెట్టింగ్ ఏదీ లేదు.

నెట్ వస్తోంది, హాట్‌స్పాట్‌లో మాత్రం లాప్‌టాప్‌కి రావడం లేదు.

`APN type` లో `dun` చేర్చి చూడండి:

```
default,supl,dun
```

ఐఫోన్‌లో ఏపీఎన్ పేజీయే కనిపించడం లేదు.

చాలా ఆపరేటర్ల సిమ్‌లకి ఐఫోన్ దాన్ని చూపించదు, ఆపరేటర్ సెట్టింగ్స్‌ని తానే చూసుకుంటుంది. కనిపిస్తే `Mobile Data` లోపల `Mobile Data Network` అని ఉంటుంది. కనిపించకపోతే రెండు పనులు చేయండి. వైఫైలో ఉండి `General`, `About` తెరిచి ఒక నిమిషం ఆగండి, ఆపరేటర్ అప్‌డేట్ ఉంటే అక్కడే అడుగుతుంది, సరే అనండి. తర్వాత `General` లోనే `VPN & Device Management` చూడండి. పాత ఆపరేటర్ కోసమో, విదేశంలో వాడిన సిమ్ కోసమో వేసిన ప్రొఫైల్ అక్కడ మిగిలి ఉంటే అందులోని ఏపీఎన్‌నే ఫోన్ వాడుతూ ఉంటుంది. దాన్ని తీసేసి ఫోన్ రీస్టార్ట్ చేయండి. అది ఆఫీసు వాళ్లు వేసిన ప్రొఫైల్ అయితే మాత్రం వాళ్లని అడగకుండా తీయకండి.

అమ్మానాన్నలు అమెరికా వస్తున్నారు, వాళ్ల ఇండియా ఫోన్‌లోనే ఇక్కడి సిమ్ వేస్తే నెట్ రావడం లేదు.

ఇండియాలో కొన్న ఆండ్రాయిడ్ ఫోన్లకి అమెరికాలోని ఆపరేటర్ల ఏపీఎన్‌లు తెలియకపోవడం మామూలే, చేత్తో రాయాల్సి వస్తుంది. టీ-మొబైల్ సిమ్‌కి ఇది:

```
fast.t-mobile.com
```

టీ-మొబైల్ టవర్ల మీదే నడిచే మింట్ సిమ్‌కి ఇది:

```
Wholesale
```

మిగతా గళ్ల సంగతి పైన చెప్పినట్టే. ఒక తేడా ఉంది, అక్కడ ఫొటోలు చాలామంది మామూలు మెసేజ్‌లోనే పంపుకుంటారు, వాటికి `MMSC` గడి కూడా నింపాలి, `APN type` లో `mms` చేర్చాలి. వాట్సాప్ ఒక్కటే చాలనుకుంటే అది వదిలేయండి. అలాగే ఇండియా సిమ్‌ని ఓటీపీల కోసం రెండో స్లాట్‌లో ఉంచుతారు కదా, డేటా ఆ సిమ్ మీద లేకుండా చూసుకోండి, దాని `Data roaming` ఆఫ్‌లో ఉంచండి, లేకపోతే బిల్లు వాచిపోతుంది. నాన్నగారికి ఫోన్లో చెప్పి చేయించడం కష్టం. ఎయిర్‌పోర్ట్ నుంచి ఇంటికి రాగానే వైఫైలో కూర్చోబెట్టి మీరే చేసిపెట్టండి.

నెట్‌వర్క్ రీసెట్ కొట్టేయమంటారా?

కొట్టొచ్చు, కానీ చివర్లో. `Reset network settings` ఏపీఎన్‌లని మొదటి స్థితికి తెస్తుంది, దాంతోపాటు చాలా ఫోన్లలో సేవ్ చేసిన వైఫై పాస్‌వర్డ్‌లూ బ్లూటూత్ జతలూ పోతాయి. ఇంట్లో వైఫై పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తుండదు, ముందు రాసిపెట్టుకోండి. ఏపీఎన్ ఒక్కటే అనుమానమైతే ఏపీఎన్ పేజీలోని `Reset to default` చాలు, దానివల్ల ఇంకేమీ పోదు. ఫ్యాక్టరీ రీసెట్ అయితే అస్సలు వద్దు, దానితో వచ్చే లాభం ఇక్కడ ఏమీ లేదు.

అన్నీ చేశాను, ఇంకా రావడం లేదు. కస్టమర్ కేర్‌కి ఏం చెప్పాలి?

వాళ్లకి ఫోన్ చేసే ముందు ఒక పని చేయండి. ఈ సిమ్‌ని ఇంట్లో ఇంకో 4జీ ఫోన్‌లో వేసి, వైఫై ఆఫ్ చేసి చూడండి. అదే ఆపరేటర్ సిమ్‌తో నెట్ నడుస్తున్న ఫోన్ అయితే ఇంకా మంచిది, దాని ఏపీఎన్ సరిగ్గా ఉందని ముందే తెలుసు కాబట్టి. అందులో నెట్ వస్తే లోపం మీ ఫోన్‌లోనే ఉంది, కస్టమర్ కేర్ చేయగలిగింది ఏమీ లేదు, పై ప్రశ్నల్లోకి మళ్లీ వెళ్లండి. అందులో కూడా రాకపోతే లోపం సిమ్‌లోనో, మీ నంబర్ మీద డేటా ఆన్ చేయడంలోనో ఉంది, అది వాళ్లే సరిచేయాలి.

ఫోన్ చేసినప్పుడు "నెట్ రావట్లేదు" అని మాత్రమే అంటే ఫోన్ రీస్టార్ట్ చేయమని పెట్టేస్తారు. ఇలా చెప్పండి: కాల్స్ వెళ్తున్నాయి, ప్లాన్ యాక్టివ్‌గా ఉంది, రెండు ఫోన్లలో వేసి చూశాను, ఏపీఎన్ ఫలానా పేరు పెట్టాను, 1925కి కూడా చేశాను, నా నంబర్ మీద డేటా సర్వీస్ ఆన్‌లో ఉందో లేదో చూసి మళ్లీ యాక్టివేట్ చేయండి. కంప్లయింట్ నంబర్ అడిగి రాసుకోండి. వాళ్లు చేశామన్నాక ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేయండి. అప్పటికీ రాకపోతే ఆ నంబర్ పట్టుకుని స్టోర్‌కి వెళ్లి సిమ్ మార్పించుకోండి, ఆధార్ వెంట తీసుకెళ్లండి, మార్చాక 24 గంటలు మెసేజ్‌లు రావని గుర్తుపెట్టుకుని బ్యాంకు పనులేమైనా ఉంటే ముందే ముగించుకోండి.